బీన్స్ ఆకు కదలికను బట్టి మొక్క లోపలి గడియారాన్ని కొలవడం ఎలా

బీన్స్ మొలక ఆకులు పగలు అడ్డంగా పరచుకుని ఉంటాయి, రాత్రి కిందికి వాలిపోతాయి. చీకటి పడింది కాబట్టి వాలాయని చూసినవారు అనుకోవడం సహజమే. అయితే వెలుతురును ఏమాత్రం మార్చకుండా రాత్రింబగళ్లు ఒకే తీరున ఉంచినా ఆకులు లేస్తూ వాలుతూనే ఉంటాయి. ఆ కదలికను నడిపేది మొక్క కణాల్లోని జీవగడియారం. పత్రరంధ్రాలు ఎప్పుడు తెరుచుకోవాలో, కొన్ని మొక్కల్లో పూత ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించడంలోనూ అటువంటి గడియారానికే ప్రధాన పాత్ర ఉంది. ఈ మూడింటిలో ఖరీదైన పరికరాలు లేకుండా కచ్చితంగా కొలవగలిగినది ఆకు కదలిక ఒక్కటే. అందుకే ఇక్కడ దానిని వివరంగా చెప్పి, మిగిలిన రెండింటిని దాని ఆధారంగా ఎలా పరీక్షించాలో తరువాత చూపుతాను.

దేనిని కొలుస్తున్నామో ముందుగా తెలుసుకోండి

1729లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ జాక్ డి మైరాన్ అత్తిపత్తి వంటి ఒక మొక్కను వెలుతురు సోకని చోట ఉంచి, అక్కడ కూడా దాని ఆకులు పగలు విచ్చుకుని రాత్రి ముడుచుకున్నాయని గమనించాడు. ఆ ఒక్క పరిశీలనతో గడియారం మొక్క లోపల ఉందని తేలిపోదు. పగలు వేడి, రాత్రి చల్లదనం మొక్కకు తెలుస్తూనే ఉండి ఉండవచ్చు, బయటి పగటిని అది వేరే దారిలో గుర్తించి ఉండవచ్చు. ఆ అనుమానాన్ని బలంగా దెబ్బతీసినది 1832లో ఆగస్టిన్ డి కాండోల్ చేసిన పరిశీలన. మారని పరిస్థితుల్లో ఉంచిన అత్తిపత్తి ఆకుల చక్రం 24 గంటలకు కాకుండా 22 నుంచి 23 గంటలకే పూర్తవుతోందని ఆయన చూశాడు. భూమి తిరగడం వల్ల కలిగే ఏ సంకేతమైనా 24 గంటలకు ఒకసారి వస్తుంది. మొక్క దానికి భిన్నమైన కాలాన్ని పాటిస్తున్నదంటే ఆ కాలం దాని సొంతమే కావాలి.

కాబట్టి మీరు కొలవబోయే ముఖ్యమైన అంకె ఒక్కటే: బయటి సంకేతం ఏదీ లేనప్పుడు ఆకు ఒక చక్రాన్ని పూర్తిచేయడానికి పట్టే గంటలు. దీనిని స్వేచ్ఛా ఆవర్తన కాలం అంటారు. బీన్స్‌లో ఇది సాధారణంగా 24 కంటే కొంత ఎక్కువగా ఉంటుంది. నిజమైన పగలు, రాత్రి ఉన్నప్పుడు తెల్లవారే వెలుతురు ఆ గడియారాన్ని ప్రతిరోజూ సరిచేస్తుంది కాబట్టి ఆ తేడా మనకు కనబడదు.

మొక్కలను సిద్ధం చేయడం

తీగ పాకని పొట్టి బీన్స్ రకాన్ని ఎంచుకోండి. తీగ రకాల కాండం కొన కొద్ది గంటలకొకసారి చుట్టూ తిరుగుతుంది, ఆ తిరుగుడు ఆకు కదలికతో కలిసిపోయి లెక్కను చెడగొడుతుంది. గింజలను కొన్ని గంటలు నీటిలో నానబెట్టి, రెండు మూడు సెంటీమీటర్ల లోతున, కుండీకి ఒకటి చొప్పున నాటండి. ఒక్కొక్క గుంపుకు కనీసం ఆరు మొక్కలు నిలిచేలా కొన్ని గింజలు ఎక్కువ వేసుకోండి.

బీజదళాల తరువాత ఎదురెదురుగా వచ్చే మొదటి జత ఆకులే మనకు కావలసినవి. అవి విడి ఆకులు, ఒక్కొక్క దానికి ఒకే పత్రదళం ఉంటుంది. తరువాత వచ్చేవన్నీ మూడు దళాల ఆకులు కాబట్టి ఏ దళం కదలికను కొలుస్తున్నామో అయోమయంగా ఉంటుంది. మొదటి జత ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే, కాడ ఆకు పరపును కలిసే చోట అర సెంటీమీటరు లోపు పొడవున కొంచెం ఉబ్బిన, మెత్తని కీలు వంటి భాగం తగులుతుంది. దీని పేరు పల్వినస్. పొటాషియం, క్లోరైడ్ అయాన్లు దాని కింది వైపు కణాల్లోకి చేరినప్పుడు వాటి వెంట నీరు కూడా చేరి, ఆ వైపు ఉబ్బి ఆకును పైకి నెడుతుంది. రాత్రివేళ ఆ కణాలు నీటిని కోల్పోయి, పై వైపు కణాలు ఉబ్బడంతో ఆకు వాలుతుంది. ఈ అయాన్ల రాకపోకలకు వేళ కట్టేది గడియారమే.

మొలక వచ్చిన దగ్గర నుంచి కుండీలను బయటి వెలుతురు చొరబడని గదిలోనో పెద్ద పెట్టెలోనో ఉంచి, టైమర్‌కు కలిపిన తెల్ల ఎల్ఈడీ దీపం కింద 12 గంటలు వెలుతురు, 12 గంటలు చీకటి ఇవ్వండి. ఆకులు పూర్తిగా పరచుకునే సమయానికి కనీసం ఐదారు రోజులు ఈ క్రమం సాగి ఉండాలి. అన్ని మొక్కల గడియారాలు ఒకే వేళకు సరిపడడానికి ఇది అవసరం. ఈ ఉదాహరణలో దీపం ఉదయం 6 గంటలకు వెలిగి సాయంత్రం 6 గంటలకు ఆరుతుందని అనుకుందాం.

సగం కుండీలను దీనికి తలకిందులుగా, అంటే సాయంత్రం 6 గంటలకు వెలిగి ఉదయం 6 గంటలకు ఆరే దీపం కింద, వేరే పెట్టెలో పెంచండి. ఇది శ్రమ అనిపించి చాలామంది వదిలేస్తారు. కానీ నా దృష్టిలో ఈ రెండో గుంపు లేకపోతే మిగిలిన జాగ్రత్తలన్నీ సగం వృథా అవుతాయి. కారణం ఫలితాలు చదివేచోట తెలుస్తుంది.

మారని పరిస్థితిని సృష్టించడం

ఒక రోజు ఉదయం 6 గంటలకు మొదటి గుంపు దీపం వెలిగిన తరువాత టైమర్‌ను తీసేసి, ఆ దీపాన్ని ఇక ఆర్పకండి. ఆ క్షణమే సున్నా గంట. రెండో గుంపు దీపాన్ని కూడా అదేవిధంగా ఆ సాయంత్రం 6 గంటలకు వెలిగినప్పటి నుంచి నిలిపి ఉంచండి.

నిరంతర చీకటి కాకుండా నిరంతర వెలుతురు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. చీకటిలో మొలకకు ఆహారం తయారుకాదు, దాంతో రెండు మూడు రోజులకే కదలిక సన్నగిల్లి లెక్కకు అందకుండా పోతుంది. అలాగని ప్రఖరమైన వెలుతురు కూడా మంచిది కాదు. సాధారణంగా వెలుతురు తీవ్రత పెరిగేకొద్దీ మొక్కల్లో ఆవర్తన కాలం తగ్గుతుంది, కాబట్టి రెండు గుంపులకూ తీవ్రత ఒకటే ఉండేలా చూడాలి. ఆకుల ఎత్తు దగ్గర 2,000 నుంచి 3,000 లక్స్ సరిపోతుంది. ఫోన్‌లోని లక్స్ మీటర్ అంత కచ్చితమైనది కాకపోయినా, రెండు పెట్టెల్లోని వెలుతురును పోల్చి సమానం చేయడానికి పనికి వస్తుంది.

అసలు కష్టం వెలుతురుతో కాదు, వేడితో. పగలు, రాత్రి మధ్య కొద్ది డిగ్రీల తేడా ఉన్నా మొక్క గడియారం దానిని పట్టుకుని 24 గంటల చక్రానికి సర్దుకోగలదు. గది వేడి రోజంతా ఒక డిగ్రీకి మించి పైకీ కిందికీ పోకూడదు. ఆకుల పక్కనే ఒక థర్మామీటర్‌ను, వీలైతే గంట గంటకూ వేడిని నమోదు చేసే పరికరాన్ని ఉంచి, ప్రయోగం మొదలుపెట్టే ముందే రెండు రోజులు గమనించండి. రాత్రి తేడా కనబడితే దానిని సరిచేశాకే మొక్కలను లోపల పెట్టండి.

నీరు పోయడం కూడా ఒక సంకేతమే. రోజూ ఒకే వేళకు నీరు పోస్తే ఆకుల బిగువు ఆ వేళకు మారుతుంది, వక్రరేఖలో ఒక గుర్తు పడుతుంది. కుండీ అడుగున నీటి పళ్లెం పెట్టి దానిని అవసరమైనంత కాలం నిండుగా ఉంచడం మేలు. అది కుదరకపోతే నీరు పోసే వేళను రోజురోజుకూ మార్చి, ఏ గంటకు పోశారో రాసుకోండి.

చిత్రాలు తీయడం, కోణాన్ని కొలవడం

ఆకు కాడను సన్నని పుల్లకు మెత్తని దారంతో వదులుగా కట్టండి. కాడ కదలకుండా ఉంటే కదిలేది పల్వినస్ నుంచి వేలాడే ఆకు పరపు మాత్రమే. కట్టు పల్వినస్ మీద పడకూడదు, పడితే కదలిక అక్కడే ఆగిపోతుంది. ఆకు మధ్య ఈనె కెమెరాకు అడ్డంగా, పక్క నుంచి పూర్తిగా కనబడేలా కుండీని తిప్పి, వెనుక నల్లని అట్ట పెట్టండి. ఒక కెమెరా ముందు మూడు నాలుగు కుండీలు పడతాయి.

ప్రతి 15 నిమిషాలకు ఒక చిత్రం చొప్పున ఏడు రోజులు తీస్తే 672 చిత్రాలు వస్తాయి. ఫ్లాష్ ఆపేయండి, ఫోకస్‌ను ఒకచోట స్థిరం చేయండి, ఫోన్‌తో తీస్తుంటే చార్జర్‌ను తగిలించి తెర వెలుగును పూర్తిగా తగ్గించండి. వెలుతురు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రాత్రి చిత్రాల కోసం ప్రత్యేక ఏర్పాటేమీ అక్కరలేదు.

కొలవవలసింది అడ్డగీతతో మధ్య ఈనె చేసే కోణం. ఆకు సరిగ్గా అడ్డంగా ఉంటే సున్నా, నిలువుగా వేలాడితే 90 డిగ్రీలు. ImageJ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కోణం సాధనంతో ఒక్కొక్క చిత్రానికి కొన్ని క్షణాలే పడుతుంది. మొదట గంటకొక చిత్రాన్ని కొలిచి గ్రాఫ్ గీయండి. ఆకు బాగా వాలే భాగాలు ఎక్కడున్నాయో తెలిశాక అక్కడ మాత్రం పావుగంట చిత్రాలన్నీ కొలవండి. గ్రాఫ్‌లో చిన్న చిన్న వణుకులు కనబడితే కంగారు పడనక్కరలేదు. బీన్స్ ఆకులకు కొన్ని గంటల లోపు పూర్తయ్యే చిన్న కదలికలు కూడా ఉంటాయి. మూడు గంటల సగటుతో గీతను నున్నగా చేస్తే అవి చాలావరకు పోతాయి.

వాలుడు అడుగుకు చేరిన క్షణాన్ని కంటితో గుర్తించడానికి ప్రయత్నించకండి. అక్కడ గీత చదునుగా ఉంటుంది కాబట్టి గంట, గంటన్నర పొరపాటు సులభంగా దొర్లుతుంది. దానికి బదులు ఆకు కిందికి పోతూ ఒక కోణాన్ని దాటిన వేళ, తిరిగి పైకి వస్తూ అదే కోణాన్ని దాటిన వేళ తీసుకుని, రెండింటి మధ్యబిందువును అడుగు వేళగా లెక్కించండి. ఉదాహరణకు ఆకు 69.5వ గంటకు 35 డిగ్రీలు దాటి కిందికి పోయి, 77వ గంటకు మళ్లీ 35 డిగ్రీలు దాటి పైకి వచ్చిందనుకుంటే అడుగు వేళ 73.25వ గంట. గీత నిటారుగా ఉన్నచోట వేళను చదువుతున్నాం కాబట్టి ఈ పద్ధతి నమ్మదగినది.

ఒక మొక్క లెక్క

లెక్క తీరు తెలియడానికి ఒక నమూనా మొక్కను తీసుకుందాం. నిరంతర వెలుతురు మొదలైనప్పటి నుంచి దాని అడుగు వేళలు వరుసగా 19.5, 46, 73.25, 100, 127, 153.75 గంటలని అనుకోండి. మొదటిదాన్ని పక్కన పెట్టండి. వెలుతురు క్రమం మారిన వెంటనే వచ్చే మొదటి చక్రంలో పాత క్రమపు ప్రభావం ఇంకా ఉంటుంది, అది స్వేచ్ఛా చక్రం కాదు.

మిగిలిన ఐదింటి క్రమసంఖ్యలను, అంటే 2 నుంచి 6 వరకు, స్ప్రెడ్‌షీట్‌లో ఒక నిలువు వరుసలోనూ, వేళలను పక్క వరుసలోనూ రాసి, వాటి మీదుగా పోయే సరళరేఖ వాలును అడగండి:

```
=SLOPE(B2:B6, A2:A6)
```

జవాబు 26.925 వస్తుంది, అంటే సుమారు 26.9 గంటలు. పక్కపక్క వేళల తేడాలను విడివిడిగా చూస్తే 27.25, 26.75, 27, 26.75 అని ఉంటాయి. అవి ఇంత దగ్గరగా ఉండడం మంచి గుర్తు. తేడాలు ఒకసారి 22, మరోసారి 31 అని ఎగుడుదిగుడుగా వస్తే సగటు ఎంత అందంగా వచ్చినా ఆ మొక్కను లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు అవే గంటలను గోడ గడియారపు వేళలుగా మార్చి చూడండి. లెక్కలోకి తీసుకున్న మొదటి అడుగు తెల్లవారుజామున 4 గంటలకు వచ్చింది. తరువాతివి ఉదయం 7.15కు, 10 గంటలకు, మధ్యాహ్నం 1 గంటకు, చివరిది మధ్యాహ్నం 3.45కు. రోజుకు దాదాపు మూడు గంటలు వెనకబడే చేతిగడియారంలా ఈ మొక్క నడుస్తోంది. వారం తిరిగేసరికి బయట పట్టపగలు ఉండగా దానికి నడిరాత్రి.

ప్రతి మొక్కకూ ఆవర్తన కాలాన్ని విడిగా లెక్కించాకే గుంపు సగటు తీయండి. ముందే ఆరు మొక్కల కోణాలను కలిపి సగటు గీత గీస్తే, ఒకదాని కాలం 26.3, మరొకదాని కాలం 27.4 అయినందువల్ల రోజులు గడిచేకొద్దీ అవి ఒకదానికొకటి దూరమై, సగటు గీత చదునవుతుంది. ప్రతి మొక్కలోనూ గడియారం చక్కగా నడుస్తూనే ఉన్నా అది ఆగిపోయిందని మీరు పొరపాటు పడతారు.

ఫలితాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోవడం

తలకిందుల గుంపు పని ఇక్కడ మొదలవుతుంది. గడియారం మొక్క లోపలిదే అయితే, రెండో గుంపు అడుగు వేళలు మొదటి గుంపు వేళలకు సుమారు 12 గంటల దూరంలో మొదలై, రెండూ ఒకే తీరున వెనకబడుతూ ఆ దూరాన్ని దాదాపు అలాగే నిలుపుకుంటాయి. అలాకాకుండా రెండు గుంపులూ మెల్లమెల్లగా ఒకే గోడ గడియారపు వేళకు చేరుకుంటున్నాయంటే, గదిలో ఏదో సంకేతం వాటిని నడిపిస్తోందని అర్థం. వేడి, తలుపు సందులోంచి వచ్చే వెలుతురు, నీరు పోసే వేళ, ఈ మూడింటినీ ఇదే వరుసలో అనుమానించండి.

ఆవర్తన కాలం సరిగ్గా 24.0 అని వస్తే సంతోషించకుండా మరింత జాగ్రత్తగా చూడండి. నిజంగా అదే అయ్యే అవకాశం కొంత ఉన్నా, బయటి సంకేతానికి మొక్క లోబడి ఉండే అవకాశమే ఎక్కువ. తలకిందుల గుంపు ఈ రెండింటినీ విడదీసి చూపుతుంది.

మరొక పరీక్ష వేడితో చేయవచ్చు. ఒక గుంపును 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మరొకదాన్ని 27 డిగ్రీల దగ్గర, ఒక్కొక్క దాన్ని స్థిరంగా ఉంచి కొలవండి. మామూలు రసాయన చర్యల వేగం పది డిగ్రీల పెరుగుదలకు సుమారు రెండింతలవుతుంది. గడియారం కూడా అలాగే నడిచేదైతే 20 డిగ్రీల దగ్గర 26.9 గంటలున్న కాలం 27 డిగ్రీల దగ్గర 17 గంటల లోపుకు పడిపోవాలి. అలా జరగదు, తేడా రెండు మూడు గంటల లోపే ఉంటుంది. జీవగడియారాన్ని మామూలు చర్యల నుంచి వేరుచేసే లక్షణం ఇది. మధ్యాహ్నం ఎండకు వేగం పుంజుకునే గడియారం వేళ చెప్పడానికి పనికిరాదు కదా. వేడిలో మార్పు గడియారాన్ని తిరిగి సర్దగలదని ముందు చెప్పినదానికీ, స్థిరమైన వేడి దాని వేగాన్ని పెద్దగా మార్చదని ఇప్పుడు చెబుతున్నదానికీ వైరుధ్యం లేదు. మొదటిది ముల్లును జరపడం, రెండోది నడక వేగం.

ఈ నడకకు మూలం జన్యువుల్లో ఉంది. దీనిని ఎక్కువగా అరాబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కలో అర్థం చేసుకున్నారు. తెల్లవారుజామున సీసీఏ1, ఎల్‌హెచ్‌వై అనే ప్రోటీన్లు పెరిగి, టాక్1 అనే జన్యువును అణచి ఉంచుతాయి. సాయంత్రానికి అవి తగ్గిపోగా టాక్1 పెరిగి, తిరిగి వాటిని అణచుతుంది. మరికొన్ని జన్యువులు కూడా పాలుపంచుకునే ఈ పరస్పర అణచివేత ఒక చుట్టు తిరగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. టాక్1 జన్యువులో మార్పు ఉన్న మొక్కలో ఆ చుట్టు 21 గంటలకే ముగుస్తుందని 1995లో చూపారు. ఒక హెచ్చరిక: అరాబిడాప్సిస్‌కు పల్వినస్ లేదు. దాని ఆకులు కాడ పై వైపూ కింది వైపూ అసమానంగా పెరగడం వల్ల కదులుతాయి కాబట్టి, పెరుగుదల ఆగిన ముదురు ఆకుతో ఆ మొక్కలో ఈ ప్రయోగం నడవదు.

పత్రరంధ్రాలకూ అదే వేళనా అని చూడడం

పత్రరంధ్రం రెండు వైపులా ఉండే రక్షక కణాలు పొటాషియంను, నీటిని నింపుకుని ఉబ్బినప్పుడు అది తెరుచుకుంటుంది. వెలుతురు, ఆకు లోపలి కార్బన్ డయాక్సైడ్, గాలిలోని తేమ, నీటి కొరత, వీటన్నింటికీ అది స్పందిస్తుంది. గడియారం చేసేది ఆ స్పందనకు వేళ కట్టడం. ఒకే వెలుతురు మొక్క పగటివేళ అనుకునే సమయంలో రంధ్రాన్ని బాగా తెరిపిస్తుంది, రాత్రి అనుకునే సమయంలో అంతగా తెరిపించలేదు. అందువల్లనే తెల్లవారకముందే రంధ్రాలు తెరుచుకోవడానికి సిద్ధం కావడమూ, సాయంత్రం వెలుతురు ఉండగానే ముడుచుకోవడం మొదలుపెట్టడమూ కనబడతాయి.

దీనిని చూడడానికి, చిత్రాలు తీస్తున్న మొక్కల పక్కనే అదే గుంపుకు చెందిన కొన్ని అదనపు మొక్కలను ఉంచండి. కెమెరా ముందున్న ఆకును ముట్టుకోవద్దు. ఆకు కింది వైపున రంగులేని గోళ్ల పాలిష్‌ను పలుచగా పూసి, ఆరాక పారదర్శకమైన టేపుతో ఊడదీసి గాజు పలక మీద అంటిస్తే రంధ్రాల అచ్చు వస్తుంది. దానిని 400 రెట్ల సూక్ష్మదర్శినిలో చూసి, ఒక్కొక్క అచ్చు నుంచి 30 రంధ్రాల వెడల్పును కొలవండి. పాలిష్ తడి రంధ్రాన్ని కొంత కదిలించవచ్చు కాబట్టి ఈ కొలతలను పోలికకే వాడండి, నిజమైన వెడల్పులుగా తీసుకోకండి. పూసిన చోట ఆకు పాడవుతుంది, అందుచేత ఒకే చోట రెండోసారి అచ్చు తీయకండి.

అచ్చు తీసే వేళను ఆకు కదలికే చెబుతుంది. పై నమూనా మొక్కలో 46, 73.25 గంటల అడుగులు తెలిశాక, తరువాతి నడిపగలు దాదాపు సగం చక్రం దూరంలో, అంటే 87వ గంట ప్రాంతంలో, నాలుగో రోజు రాత్రి 9 గంటలకు రావాలి. తరువాతి నడిరాత్రి 100.5వ గంటకు, అంటే ఐదో రోజు ఉదయం పదిన్నర ప్రాంతంలో రావాలి. ఆ రెండు వేళల్లో అచ్చులు తీసి పోల్చండి. దీపంలో ఏ మార్పూ లేకపోయినా రాత్రి 9 గంటల అచ్చులో రంధ్రాలు వెడల్పుగా, ఉదయం పదిన్నర అచ్చులో ఇరుకుగా కనబడితే, వాటి వేళను కూడా గడియారమే నడుపుతోందని తెలుస్తుంది. ఇది నాలుగైదు రోజుల లోపే చేయాలి. అంతకు మించి ఆలస్యమైతే అదనపు మొక్కలు కెమెరా ముందున్న మొక్కలకు దూరంగా జరిగిపోతాయి, మీ అంచనా వేళ వాటికి వర్తించదు.

పూతను పరీక్షించాలంటే

దీనికి బీన్స్ అంతగా పనికిరాదు. చాలా పొట్టి బీన్స్ రకాలు పగటి నిడివిని పెద్దగా పట్టించుకోకుండా పూస్తాయి. ఐపోమియా నిల్ జాతి మార్నింగ్ గ్లోరీలో వయొలెట్ అనే రకం ఇందుకు తగినది. బీజదళాలు పరచుకున్న వారం వయసు మొలకకు ఒకే ఒక్క పొడవైన రాత్రి ఇచ్చినా అది పూమొగ్గలు తొడుగుతుంది. మామూలు తోట మార్నింగ్ గ్లోరీ గింజలతో ఈ ఫలితం వస్తుందని ఆశించకండి.

మొలకలను మొదటి నుంచి నిరంతర వెలుతురులో, 25 డిగ్రీల దగ్గర పెంచి నాలుగు గుంపులు చేయండి. ఒక గుంపును వెలుతురులోనే వదిలేయండి. రెండో గుంపుకు ఒకసారి 16 గంటల చీకటి ఇచ్చి తిరిగి వెలుతురులోకి తెండి. మూడో గుంపుకు అదే చీకటి ఇచ్చి, సరిగ్గా 8 గంటలు గడిచాక పది నిమిషాలు ఎరుపు దీపం వేయండి. నాలుగో గుంపుకు ఆ పది నిమిషాల ఎరుపును 14వ గంటకు ఇవ్వండి. చీకటి గదిలోకి వెళ్లేటప్పుడు ఫోన్ తెర వెలుతురు కూడా మొలకల మీద పడకుండా చూసుకోండి.

రెండు మూడు వారాల తరువాత భూతద్దంతో ఆకు మొదళ్లను పరిశీలించండి. మొదటి గుంపులో పూమొగ్గలు ఉండవు, రెండో గుంపులో ఉంటాయి. 8వ గంటకు దీపం పడిన మూడో గుంపులో పూత ఆగిపోతుంది, 14వ గంటకు పడిన నాలుగో గుంపులో అంతగా ఆగదు. చీకటి ఎన్ని గంటలుందన్నదే ముఖ్యమైతే 14వ గంటకు ముక్కలైన రాత్రి కంటే 8వ గంటకు ముక్కలైన రాత్రే ఎక్కువ చెడిపోవడంలో ఆశ్చర్యమేమీ లేదని ఎవరైనా అనవచ్చు. ఆ వాదనకు జవాబు కావాలంటే ఐదో గుంపును చేర్చి, చీకటిని 24 గంటలకు పెంచి, ఎరుపును మళ్లీ 8వ గంటకే ఇవ్వండి. ఇప్పుడు ఆ అంతరాయం తరువాత ఇంకా 16 గంటల ఎడతెగని చీకటి ఉంటుంది, కాబట్టి చీకటి నిడివి కొరత అన్న మాటకు తావు ఉండదు. దీనికి జతగా అంతరాయం లేని 24 గంటల చీకటి గుంపును కూడా ఉంచి, రెండింటిలో మొక్కకు ఎన్ని పూమొగ్గలు వచ్చాయో లెక్కపెట్టి పోల్చండి.

వెలుతురు పడిందా లేదా అన్నదానితో పాటు అది గడియారంలోని ఏ వేళకు పడిందన్నదే పూతను నిర్ణయిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త ఎర్విన్ బ్యూనింగ్ 1936లో ప్రతిపాదించాడు. బీన్స్ ఆకుల కదలిక మీద ఆయన అంతకుముందే పనిచేసి ఉన్నాడు. పగలు పొడవైనప్పుడు పూసే అరాబిడాప్సిస్‌లో దీని లోపలి పని బాగా తెలిసింది. కాన్‌స్టాన్స్ అనే జన్యువు సందేశాన్ని గడియారం పగటి చివరి భాగానికి పోగుచేస్తుంది. దాని నుంచి తయారయ్యే ప్రోటీన్ వెలుతురులోనే నిలుస్తుంది, చీకటిలో విరిగిపోతుంది. పగలు పొడవుగా ఉన్న కాలంలోనే ఆ వేళకు వెలుతురు ఉండి, ప్రోటీన్ నిలిచి, ఎఫ్‌టీ అనే మరో ప్రోటీన్‌ను ఆకులో తయారుచేయిస్తుంది. అది కాండం కొనకు చేరి అక్కడ పూత మొదలుపెడుతుంది. మార్నింగ్ గ్లోరీ పొట్టి పగటి మొక్క కాబట్టి అక్కడ వెలుతురు పాత్ర తలకిందులవుతుంది, వేళకాని వేళ పడిన వెలుతురు పూతను ఆపుతుంది. అందువల్ల మూడో గుంపు మొలకల్లో ఆకు మొదళ్ల దగ్గర పూమొగ్గలకు బదులు కొత్త కొమ్మల చిగుళ్లే కనబడితే, 8వ గంట దీపం పనిచేసిందని రాసుకోండి. ఆ గుంపులో కూడా విరివిగా మొగ్గలు వస్తే ఎరుపు దీపం తీవ్రత చాలలేదేమో ముందు చూడండి.